ఇండక్షన్ మోటార్ చాప్టర్: గురువారం వైవాకి

చిన్నా, నువ్వు పంపిన నాలుగు పేజీల సమ్మరీ నిన్న సాయంత్రం అంబత్తూరు నుంచి వస్తూ బస్సులో చదివాను. తప్పుల్లేవు. కానీ అది పేపర్ మీద రాయడానికి పనికొస్తుంది గానీ నోటితో చెప్పడానికి కాదు. అందుకే అదే చాప్టర్‌ని ప్రశ్నలుగా మార్చి, నువ్వు చెప్పాల్సిన జవాబులు రాశాను.

ఒకటి గుర్తుపెట్టుకో. తర్వాతి ప్రశ్న ఎక్కడ్నుంచో ఊడిపడదు. నీ జవాబులో చివరి మాట పట్టుకునే లాగుతారు. కాబట్టి నీకు గట్టిగా వచ్చిన మాట దగ్గర ఆపెయ్. అడిగేది ఇంగ్లీషులోనే అయినా ముందు మన మాటల్లో నాలుగుసార్లు పైకి చెప్పుకో. విషయం నోట్లో నానితే ఇంగ్లీషు దానంతటదే వస్తుంది.

మీ ల్యాబ్ మోటార్ నేమ్‌ప్లేట్ కంఠతా పట్టు: 3.7 కిలోవాట్లు, అంటే 5 హెచ్‌పీ, 415 వోల్టులు, 50 హెర్ట్జ్, 1440 ఆర్‌పీఎం, డెల్టా. సగం చాప్టర్ ఈ ప్లేట్ మీదే ఉంది.

మొదటి ప్రశ్న దాదాపు ఇదే: ఈ మోటార్ ఎలా తిరుగుతుంది?

"స్టేటర్‌కి మూడు ఫేజులిస్తే తిరిగే అయస్కాంత క్షేత్రం వస్తుంది సార్. అది రోటర్ బార్లని కట్ చేస్తుంది, బార్లలో ఈఎంఎఫ్ పుట్టి కరెంటు పారుతుంది, దాంతో టార్క్ వస్తుంది. రోటర్ ఆ క్షేత్రం వెంట పరిగెడుతుంది, కానీ అందుకోలేదు."

ఎందుకు అందుకోలేదు?
"అందుకుంటే రిలేటివ్ స్పీడ్ సున్నా సార్. ఫ్లక్స్ కట్ అవదు, ఈఎంఎఫ్ లేదు, కరెంటు లేదు, టార్క్ లేదు. ఫ్రిక్షన్‌కే వెనకబడిపోతుంది."

క్షేత్రం తిరిగే వైపే రోటర్ ఎందుకు తిరగాలి?
"లెంజ్ సూత్రం సార్. కరెంటు పుట్టడానికి కారణం ఆ వేగ భేదం. దాన్ని తగ్గించాలంటే అటే పరిగెత్తాలి."

రివర్స్ కావాలంటే?
"ఏవైనా రెండు లైన్లు మారిస్తే చాలు సార్."

స్లిప్

సమ్మరీలో నిర్వచనం రాశావు. అది చెప్పకు, లెక్క చెప్పు. Ns = 120f/P, s = (Ns − N)/Ns.

ఈ మోటార్ స్లిప్ ఎంత?
"సింక్రనస్ స్పీడ్ 1500, తిరిగేది 1440. తేడా 60. స్లిప్ 4 శాతం సార్."

నాలుగు పోల్సని ప్లేట్ మీద లేదు కదా, ఎలా తెలిసింది?
"1440కి కాస్త పైన ఉన్న సింక్రనస్ స్పీడ్ 1500 సార్, అది నాలుగు పోల్స్‌ది. ఆరు పోల్స్ అయితే 1000 దాటదు, రెండు పోల్స్ అయితే 3000 దగ్గర ఉండాలి."

రోటర్‌లో ఫ్రీక్వెన్సీ?
"స్లిప్ ఇంటూ 50, అంటే 2 హెర్ట్జ్ సార్. స్టార్ట్ చేసిన క్షణంలో మాత్రం 50." ఈ రెండో వాక్యం అడక్కముందే చెప్పు. చాలామంది పడిపోయేది అక్కడే.

టార్క్-స్లిప్ గ్రాఫ్

బోర్డు మీద గియ్యమంటారు. ముందు స్లిప్ 1 ఎటు, 0 ఎటు అని రాసుకుని, ఆ తర్వాతే గీత గియ్యి. మామూలుగా నడిచేది సున్నా దగ్గరున్న నిటారు భాగంలో.

గరిష్ఠ టార్క్ ఎక్కడ?
"రోటర్ రెసిస్టెన్స్, స్టాండ్‌స్టిల్ రియాక్టెన్స్‌ల నిష్పత్తికి సమానమైన స్లిప్ దగ్గర సార్."

రోటర్ రెసిస్టెన్స్ పెంచితే గరిష్ఠ టార్క్ పెరుగుతుందా?
"పెరగదు సార్. విలువ అంతే ఉంటుంది, చోటు మారుతుంది. శిఖరం స్టార్టింగ్ వైపు జరుగుతుంది, అందుకే స్టార్టింగ్ టార్క్ పెరుగుతుంది."

అయితే ఎప్పటికీ ఎక్కువ రెసిస్టెన్సే ఉంచొచ్చుగా?
"నడిచేటప్పుడు కాపర్ లాస్ పెరిగి ఎఫిషియెన్సీ పడిపోతుంది సార్. స్లిప్ రింగ్ మోటార్‌లో స్టార్టింగ్‌కి బయట రెసిస్టెన్స్ పెట్టి, స్పీడందుకున్నాక తీసేస్తాం."

వోల్టేజి 10 శాతం తగ్గితే?
"టార్క్ వోల్టేజి స్క్వేర్ మీద ఉంటుంది సార్. అదే స్లిప్ దగ్గర 81 శాతమే మిగులుతుంది."

నో లోడ్, బ్లాక్డ్ రోటర్ పరీక్షలు

దీనికి నువ్వు రెండే లైన్లు రాశావు. నువ్వు చేసిన ప్రయోగం ఇదే కాబట్టి ఎక్కువగా గుచ్చేది ఇక్కడే.

నో లోడ్‌లో ఒక వాట్‌మీటర్ వెనక్కి ఎందుకు కొట్టింది?
"పవర్ ఫ్యాక్టర్ 0.5 కన్నా తక్కువ సార్. రెండు వాట్‌మీటర్ల పద్ధతిలో అప్పుడు ఒకటి నెగటివ్ చూపిస్తుంది. సప్లై ఆపి ప్రెషర్ కాయిల్ తిప్పి కలిపి, రీడింగ్ తీసుకుని, మైనస్‌గా రాశాం." "సప్లై ఆపి" అన్న మాట వదలకు. ఎగ్జామినర్లు దానికోసమే చూస్తారు.

పవర్ ఫ్యాక్టర్ అంత తక్కువ ఎందుకు?
"ఎయిర్ గ్యాప్ దాటించడానికి మాగ్నెటైజింగ్ కరెంటు చాలా కావాలి సార్. ట్రాన్స్‌ఫార్మర్‌కి గ్యాప్ లేదు కాబట్టి నో లోడ్ కరెంటు చాలా తక్కువ."

బ్లాక్డ్ రోటర్‌కి తక్కువ వోల్టేజి ఎందుకు?
"రోటర్ ఆగి ఉంటే స్లిప్ 1 సార్, సెకండరీ షార్ట్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్ లాగే. పూర్తి వోల్టేజిస్తే వైండింగ్ కాలుతుంది. వేరియాక్‌తో మెల్లగా పెంచి రేటెడ్ కరెంటు దగ్గర ఆపాం."

స్టార్-డెల్టా స్టార్టర్

"స్టార్‌లో ఒక్కో వైండింగ్‌కి 415 బదులు 240 వోల్టులు సార్. లైన్ కరెంటు డెల్టాలో స్టార్ట్ చేసినదాంట్లో మూడో వంతు, టార్క్ కూడా మూడో వంతు." తర్వాత పక్కాగా అడిగేది: టార్క్ అంత తగ్గితే లోడ్ ఎలా లేస్తుంది? "సెంట్రిఫ్యూగల్ పంపుకి మొదట్లో తక్కువ టార్క్ చాలు సార్, స్పీడ్ స్క్వేర్‌తో పెరుగుతుంది. మొదట్నుంచీ బరువు లాగాల్సిన లోడ్‌కైతే ఇది పనికిరాదు."

క్రాలింగ్, కాగింగ్ గురించి ఒక్కో ముక్క చాలు. క్రాలింగ్ ఏడో హార్మోనిక్ వల్ల, సింక్రనస్ స్పీడ్‌లో దాదాపు ఏడో వంతు, అంటే 214 ఆర్‌పీఎం దగ్గర చిక్కుకోవడం. కాగింగ్ స్టేటర్, రోటర్ పళ్ళు ఒకదానికొకటి అతుక్కుని అసలు లేవకపోవడం. మందు: రోటర్ స్లాట్లని ఏటవాలుగా కోయడం.

సింగిల్ ఫేజింగ్

ఇది నీ సమ్మరీలో లేదు, చేర్చుకో. పోయిన నెల వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ సంపు మోటార్ స్విచ్ వేస్తే తిరక్కుండా "మ్మ్" అని మూలుగుతూ నిలబడింది. వాచ్‌మన్ అన్న మళ్ళీ మళ్ళీ స్విచ్ వేస్తున్నాడు. నేను పరిగెత్తుకెళ్ళి ఆపించేసరికి బాడీ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. చూస్తే ఒక ఫ్యూజు పోయింది. ఆగి ఉన్న మోటార్‌కి ఒక ఫేజు లేకపోతే తిరిగే క్షేత్రం రాదు, స్టార్టింగ్ టార్క్ లేదు, కరెంటు మాత్రం విపరీతం.

నడుస్తుండగా ఒక ఫేజు పోతే?
"తక్కువ లోడ్ మీద తిరుగుతూనే ఉండొచ్చు సార్, కానీ మిగతా ఫేజుల్లో కరెంటు బాగా పెరిగి వైండింగ్ కాలుతుంది. ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టేది అందుకే."

తెలియనిది అడిగితే తడుముకోకు. "అది చదవలేదు సార్, కానీ టార్క్ సూత్రం నుంచి ఆలోచిస్తే..." అని తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టు.

బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తా. పుస్తకం మూసేసి కూర్చో. మొదట వాట్‌మీటర్ గురించే అడుగుతా.

అక్క