వానాకాలం గదుల కమిషన్, రిలీజ్ తేదీల గురించి

హిల్ కాలనీ, నాగార్జునసాగర్
జూన్ 8, 2026

రమేష్ గారికి నమస్కారం.

మీ మెయిల్ చదివి మా హోటల్ ఓనర్ గారితో మాట్లాడాను. జూలై నుంచి అక్టోబర్ దాకా రోజూ 10 గదులు మీ పేరున ఆపాలని, 20 శాతం కమిషన్ కావాలని, మిగిలిన గదులు ఒక రోజు ముందు వదిలేస్తామని అడిగారు. మీతో కలిసి పనిచేయాలని మాకూ గట్టిగా ఉంది. కమిషన్ విషయంలో ఎంతో కొంత ముందుకు రాగలం. రిలీజ్ విషయంలో మాత్రం మీరే మా వైపు రావాలి. ఎందుకో చెప్తాను.

మావి మొత్తం 22 గదులు. హైదరాబాద్ నుంచి సాగర్‌కు వచ్చేవాళ్లలో చాలామంది డ్యాం, బుద్ధవనం, ఎత్తిపోతల చూసుకుని సాయంత్రానికే తిరిగి వెళ్లిపోతారు. రాత్రి ఉండాలనుకునే కుటుంబాలు బుధ, గురువారాల్లోనే ఫోన్ చేసి అడుగుతాయి. అప్పుడు ‘గదులు లేవు’ అని చెప్పి, శుక్రవారం సాయంత్రం మీరు వదిలితే మేం ఎవరికి అమ్మాలి? పోయిన సీజన్‌లో ఒక శనివారం మీ దగ్గర నుంచి 5 గదులు రాత్రి 7 గంటలకు వెనక్కి వచ్చాయి. అంతకుముందు రెండు రోజులు అడిగినవాళ్లందరినీ తిప్పి పంపాం. ఆ 5 గదులూ ఖాళీగానే ఉండిపోయాయి. తప్పు పట్టాలని కాదు, ఈసారి అలా జరగకూడదని రాస్తున్నాను.

అందుకే ఇలా చేద్దాం. ఆదివారం నుంచి గురువారం దాకా మీరు అడిగిన 10 గదులూ ఆపుతాం, రెండు రోజుల ముందు సాయంత్రం 5 లోపు చెప్తే చాలు. శుక్ర, శనివారాలకు 6 గదులే ఇవ్వగలం. వాటికి పేర్లు బుధవారం మధ్యాహ్నం 12 లోపు రావాలి. ఈ ఏడు ఆగస్టు 15 శనివారం, అక్టోబర్ 2 శుక్రవారం పడ్డాయి కాబట్టి ఆ రెండు వారాంతాలకు రిలీజ్ తేదీలు ఆగస్టు 7, సెప్టెంబర్ 24. ఐదు గదులు దాటిన గ్రూపులకు పది రోజుల ముందు పేర్ల లిస్టు, సగం అడ్వాన్స్ కావాలి.

ఇక డ్యాం గేట్లు ఎత్తే రోజుల సంగతి. దీనికి క్యాలెండర్ పనికిరాదు. 2024లో ఆగస్టు 5న గేట్లు ఎత్తారు, 2025లో జూలై 29నే ఎత్తారు, 2023లో అసలు సాగరే నిండలేదు. పైనుంచి వచ్చే వరదను బట్టే అంతా. కాబట్టి తేదీకి బదులు నీటిమట్టాన్ని పట్టుకుందాం. పూర్తి మట్టం 590 అడుగులు. 580 దాటిన రోజే నేను మీకు ఫోన్ చేస్తాను. ఆ వచ్చే పది రోజులకు మర్నాడు సాయంత్రం 6 లోపు పేర్లు, ఒక రాత్రి అడ్వాన్స్ పంపిన గదులు మీవి, మిగిలినవి మావి. ఆ తర్వాత గేట్లు మూసేదాకా హోల్డ్ ఉండదు, అడిగినప్పుడు ఖాళీ ఉంటే మాత్రం మీకే ముందు ఇస్తాం.

కమిషన్ ఇప్పుడు 10 శాతం ఇస్తున్నాం. 2,400 రూపాయల ఏసీ గదిపై 20 శాతం అంటే 480 రూపాయలు. కరెంటు, జనరేటర్ డీజిల్, లాండ్రీ, జీతాలు పోగా మాకు అంత మిగలదు. మామూలు రోజులకు 12 శాతం, అంటే గదికి 288 ఇస్తాం. శుక్ర, శనివారాలకు 10 శాతమే. గేట్లు ఎత్తి ఉన్న రోజుల్లో ఎవరూ తేకుండానే గదులు నిండుతాయి, అయినా 8 శాతం ఇస్తాం. సీజన్ మొత్తం మీద మామూలు రోజుల్లో 80 రూం నైట్లు దాటిస్తే, ఆ రోజుల లెక్కంతా మొదటి గది నుంచి 15 శాతానికి మారుస్తాం. మాకు అసలు కావాల్సింది ఈ మామూలు రోజుల వ్యాపారమే. మీ బౌద్ధ యాత్ర గ్రూపులు దీనికి సరిగ్గా సరిపోతాయి. నాగార్జునకొండ మ్యూజియంకు శుక్రవారం సెలవు కాబట్టి వాళ్లను సోమవారం నుంచి గురువారం మధ్యలో తెస్తే వాళ్లకూ మంచిదే.

కమిషన్‌ను, 5 శాతం జీఎస్టీ కలపని టారిఫ్ మీదే లెక్క కడతాం. గెస్టు ఖాళీ చేశాక, మీ బిల్లు అందితే, వచ్చే నెల 7 లోపు టీడీఎస్ పట్టుకుని బ్యాంకులో వేస్తాం. దీనికి ఆలస్యం కాదు, నా పూచీ.

ఇందులో మీకు ఇబ్బందిగా ఉన్నది ఏదైనా ఉంటే ఫోన్ చేయండి అన్నా. బుధవారం 12 గంటలు అన్నదాన్ని సాయంత్రం 4 దాకా జరపగలను, గురువారానికి మాత్రం జరపలేను. జూన్ 15 లోపు సరే అని మెయిల్ పెడితే జూలై 1 నుంచి గదులు మీ పేరున ఆపుతాం. ఆ తేదీ దాటితే శనివారం గదులు విడిగా అమ్మడం మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఇట్లు,
యాదగిరి
మేనేజర్