అంగిలి పుండు బయాప్సీ: అభ్యర్థన పత్రం, ముక్కను పాథాలజీకి పంపే పద్ధతి

శస్త్రచికిత్స విభాగం, ప్రాంతీయ ఆసుపత్రి
డ్యూటీ డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు, ఎఫ్.ఎన్.ఓ., ఎం.ఎన్.ఓ.లకు

మైనర్ ఓటీ గోడమీద అతికించి ఉంచాలి. ముందు, ఈ గురువారం చేసిన కేసుకు నింపిన పత్రం ఉంది. ఇకమీదట ప్రతి పత్రం ఇంత వివరంగా ఉండాలి. ఆ తర్వాత ముక్క తీసినప్పటి నుంచి వైద్య కళాశాల పాథాలజీ విభాగంలో అప్పగించేదాకా చేయాల్సిన పని ఉంది.

హిస్టోపాథాలజీ పరీక్ష అభ్యర్థన పత్రం

రోగి పేరు: అప్పలమ్మ, భర్త సింహాచలం
వయసు, లింగం: 58 ఏళ్లు, స్త్రీ
ఓపీ నంబరు: 25-18346
తేదీ: 17-07-2025
అభ్యర్థిస్తున్నవారు: సివిల్ అసిస్టెంట్ సర్జన్, శస్త్రచికిత్స విభాగం. సంతకం, రిజిస్ట్రేషన్ ముద్ర వేసి ఉన్నాయి. సందేహం ఉంటే ఇంటర్‌కామ్ 214.
తొందర: ఉంది. క్యాన్సర్ అనుమానం.

నమూనా: గట్టి అంగిలి, కుడి సగం, పుండు వెనక అంచు. ఇన్సిషనల్ బయాప్సీ. ఒకే ముక్క, సుమారు 8 × 5 × 4 మిల్లీమీటర్లు. పక్కనున్న మామూలు పొర కొంత కలిసి ఉంది. మామూలు పొర వైపు చివర ఒక నల్ల సిల్క్ కుట్టు వేశాం.
సీసాల సంఖ్య: 1
ముక్క తీసిన సమయం: ఉదయం 10.40
ఫార్మాలిన్‌లో వేసిన సమయం: ఉదయం 10.42
ద్రావణం: 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మాలిన్

రోగ వివరాలు: అంగిలిమీద పుండు 4 నెలలుగా ఉంది. మొదట నొప్పి లేదు, నెల రోజులుగా కారం తగిలితే మంట. సుమారు 30 ఏళ్లుగా అడ్డచుట్ట అలవాటు, నిప్పు వైపు నోట్లో ఉంచుకుని తాగుతారు. పుండు 2.5 × 2 సెంటీమీటర్లు, అంచులు ఎత్తుగా, గట్టిగా ఉన్నాయి, తాకితే రక్తం వస్తుంది. చుట్టూ అంగిలి తెల్లబడి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలున్నాయి. కుడి దవడ కింద ఒక గడ్డ, 2 సెంటీమీటర్లు, గట్టిగా ఉంది, కదులుతుంది. మధుమేహం ఉంది, మాత్రలు వాడుతున్నారు. పుండుమీద నల్లటి పెచ్చు లేదు, ముక్కు దిబ్బడ లేదు. క్షయ చికిత్స ఎప్పుడూ తీసుకోలేదు. రేడియేషన్, కీమోథెరపీ తీసుకోలేదు. ఇంతకుముందు బయాప్సీ జరగలేదు.

ఎక్స్-రే: అంగిలి ఎముక తిన్నట్టు కనబడలేదు. సీటీ ఇంకా తీయలేదు.
రక్త పరీక్షలు: హెచ్ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ, హెచ్‌సీవీ నెగెటివ్.

మా అనుమానం: స్క్వామస్ సెల్ కార్సినోమా. కాకపోతే చిన్న లాలాజల గ్రంథి కణితి, క్షయ పుండు, ఫంగస్.

మేం అడుగుతున్నది: పుండు క్యాన్సరేనా? అయితే ఏ రకం, ఏ గ్రేడు, ముక్కలో ఎంత లోతుకు వెళ్లింది? కాకపోతే పక్క పొరలో డిస్‌ప్లేసియా ఉందా? కణజాలంలో ఫంగస్ గానీ గ్రాన్యులోమా గానీ కనబడితే పీఏఎస్, జీల్-నీల్సన్ రంగులు వేయగలరు.

దీనితోపాటు: దవడ కింద గడ్డ నుంచి సూదితో తీసిన 4 స్లైడ్లు, వేరే సైటాలజీ పత్రంతో, వేరే పెట్టెలో పంపుతున్నాం.

సమ్మతి: తెలుగులో చదివి వినిపించాం. రోగి వేలిముద్ర, కుమారుడి సాక్షి సంతకం కేస్ షీట్‌లో ఉన్నాయి.

పత్రం గురించి

రోగ వివరాల గడిలో ‘పుండు’ అని ఒక్క మాట రాసి పంపితే పాథాలజిస్టుకు మన దగ్గరున్న సమాచారంలో పదో వంతు కూడా చేరదు. వారు రోగిని చూడరు, పుండును తాకరు. ఉత్తరాంధ్రలో అడ్డచుట్ట తాగే ఆడవాళ్లలో అంగిలి మార్పులు ఎన్నో రకాలు. తెల్లబడిన పొర, ఎర్రటి చుక్కలు, రంగు మారిన మచ్చలు, వాటి మధ్యనే క్యాన్సరు. అలవాటు గురించి రాస్తే చదివేవారు పక్క పొరను కూడా జాగ్రత్తగా చూస్తారు. మధుమేహం ఉందని రాస్తే ఫంగస్‌ను మరిచిపోరు. రేడియేషన్ తీసుకున్న కణజాలంలో కణాలు వికారంగా మారతాయి, ఆ సంగతి రాయకపోతే క్యాన్సర్ అని పొరబడే ప్రమాదం ఉంది. అందుకే ‘తీసుకోలేదు’ అన్న మాట కూడా రాయాలి.

పత్రం నింపాల్సింది ముక్క తీసిన డాక్టరు. కేసులు ఎక్కువగా ఉన్న రోజు కూడా ఈ పని సిస్టర్‌కు వదలకూడదు.

ముక్క తీయకముందు

రోగిని బల్లమీద పడుకోబెట్టాక ‘అప్పలమ్మేనా?’ అని అడగవద్దు. భయంలో ఉన్న మనిషి దేనికైనా తల ఊపుతారు. ‘మీ పేరు చెప్పమ్మా, మీ ఊరేది, వయసెంత?’ అని అడిగి, ఆమె నోటితో చెప్పింది ఓపీ చీటీతో సరిచూడాలి. మన ఓపీలో ఒకే రోజు ఇద్దరు అప్పలమ్మలు, ముగ్గురు అప్పలనాయుళ్లు ఉండడం మామూలే. పేరు ఒక్కటే గుర్తు కాదు. పేరు, ఓపీ నంబరు, రెండూ ఉండాలి.

సీసా ముందే సిద్ధంగా ఉండాలి, ఫార్మాలిన్ పోసి ఉండాలి. లేబుల్ మాత్రం ముందే రాసి వరుసగా పెట్టుకోవద్దు. రోగి గదిలో ఉండగా, ఆ రోగి ఎదుటే రాసి అంటించాలి.

మత్తు సూది పుండులోకి గుచ్చకుండా చుట్టూ ఇవ్వాలి. మందు లోపలికి వెళితే కణజాలం ఉబ్బి స్లైడు చెడుతుంది. పుండు మధ్యలో చచ్చిన కణజాలం తప్ప ఏమీ ఉండదు, అంచు నుంచే తీయాలి. లోతు కూడా ముఖ్యం. పైపైన గీరిన ముక్కతో క్యాన్సర్ లోపలికి చొచ్చుకుపోయిందో లేదో చెప్పలేరు. కాటరీతో కోయవద్దు, రక్తం ఆపడానికి ముక్క బయటికి వచ్చాకే వాడండి. పళ్లున్న ఫోర్‌సెప్స్‌తో ముక్కను నొక్కిపట్టవద్దు. నలిగిన కణాలు నల్లటి గీతల్లా కనబడతాయి, ఏ రంగు వేసినా చదవలేరు.

ఫార్మాలిన్

వాడాల్సింది 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మాలిన్ ఒక్కటే. స్టోర్స్‌లో వచ్చే గాఢ ఫార్మాలిన్‌లో 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, దాన్ని నేరుగా పోయకూడదు. లీటరుకు: గాఢ ఫార్మాలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నిర్జల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. పీహెచ్ 7 దగ్గర ఉండాలి. ఆ రెండు ఫాస్ఫేట్లు వేయకుండా కుళాయి నీళ్లు కలిపితే ద్రావణం మెల్లగా ఆమ్లమవుతుంది, స్లైడులో గోధుమరంగు రేణువులు పడతాయి. కలిపేది ల్యాబ్ టెక్నీషియన్. క్యానుమీద కలిపిన తేదీ ఉండాలి.

సెలైన్‌లో పంపితే ముక్క కుళ్లడం ఆగదు. స్పిరిట్‌లో వేస్తే కుంచించుకుపోయి బిగుసుకుపోతుంది. ఫార్మాలిన్ అయిపోయిందని ఈ రెండిటిలో వేసి పంపే బదులు, ఎమర్జెన్సీ కాకపోతే బయాప్సీ ఆ రోజుకు ఆపండి. అప్పలమ్మ ఇంకో రోజు వస్తారు. పాడైన ముక్క మళ్లీ బాగుపడదు, మళ్లీ కోయాల్సిందే.

ముక్క పరిమాణానికి కనీసం 10 రెట్లు ద్రావణం ఉండాలి, 20 రెట్లయితే ఇంకా మంచిది. చిన్న అంగిలి ముక్కకు 20 మి.లీ. చాలు. మూత వెడల్పుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా వాడాలి. ఇంజెక్షన్ వయల్స్, సన్నమూతి మాత్రల సీసాలు వద్దు. మెత్తగా లోపలికి దూరిన ముక్క గట్టిపడ్డాక బయటికి రాదు, ల్యాబ్‌లో సీసా పగలగొట్టాల్సి వస్తుంది.

నోటి పొర ముక్క ద్రావణంలో పడగానే ముడుచుకుంటుంది. అందుకే ముందు చిన్న ఫిల్టర్ పేపరు ముక్కమీద పొర పైకి ఉండేలా పరిచి, ఒక నిమిషం ఆగి, పేపరుతో సహా డబ్బాలో దించాలి. గాజుగుడ్డలో చుట్టవద్దు, నూలు పోగులు చిక్కుకుంటాయి. ఆపై చేయాల్సింది ఏమీ లేదు: ఫార్మాలిన్ గంటకు సుమారు మిల్లీమీటరు చొప్పున లోపలికి వెళుతుంది, దాని పని అది చేసుకుంటుంది.

ఇది విషం. ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ తీసి పోయండి. తాగునీటి సీసాల్లో ఎట్టి పరిస్థితిలోనూ పోయవద్దు.

లేబుల్

లేబుల్ డబ్బా ఒంటిమీద అంటించాలి, మూతమీద కాదు. మూతలు మారిపోతాయి. పెన్సిల్‌తో గానీ చెరగని మార్కర్‌తో గానీ రాయాలి. జెల్ పెన్ను ఫార్మాలిన్ తగలగానే కరిగిపోతుంది. అప్పలమ్మ డబ్బామీద ఇలా రాసి ఉంది:

అప్పలమ్మ, 58, స్త్రీ
ఓపీ 25-18346
గట్టి అంగిలి, కుడి, పుండు అంచు
17-07-2025, ఉ. 10.40
10% ఫార్మాలిన్, విషం

ఒకే రోగి నుంచి రెండుచోట్ల ముక్కలు తీస్తే రెండు డబ్బాలు, ఏ, బీ అని. పత్రంలోనూ అవే అక్షరాలు ఉండాలి. డబ్బా, పత్రం, కేస్ షీటు మూడింటినీ ఇద్దరు చూడాలి: ఒకరు చదవాలి, ఇంకొకరు వినాలి.

ఫార్మాలిన్ వద్దన్న సందర్భాలు

పెంఫిగస్ అనుమానంతో ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కు పంపే ముక్క మైకేల్స్ ద్రావణంలో వెళ్లాలి. క్షయ కల్చర్‌కు పంపే భాగం స్టెరైల్ సీసాలో, కొద్దిగా స్టెరైల్ సెలైన్‌తో, అదే రోజు వెళ్లాలి. లింఫ్ గ్రంథి మొత్తంగా తీస్తే, కోయకముందే పాథాలజీకి ఫోన్ చేసి అడగండి. ఫ్రోజెన్ సెక్షన్ సౌకర్యం మనకు లేదు.

పంపడం

డబ్బా మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూడాలి. దూది చుట్టి జిప్ కవరులో పెట్టి, ఆ కవరును గట్టి ప్లాస్టిక్ పెట్టెలో నిలబెట్టాలి. పత్రం విడి కవరులో ఉండాలి. పత్రాన్ని డబ్బాకు చుట్టి రబ్బరు బ్యాండు వేయడం ఈ రోజుతో ఆపేద్దాం. ఒక్క బొట్టు కారినా చదవడానికి ఏమీ మిగలదు.

ఐస్ అక్కర్లేదు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టనే కూడదు, మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి. గది వేడిమి చాలు, జీపు డాష్‌బోర్డుమీద ఎండలో మాత్రం ఉంచవద్దు. సూదితో తీసిన స్లైడుల పెట్టెను ఈ పెట్టెకు దూరంగా ఉంచాలి. ఫార్మాలిన్ ఆవిరి మూత సందుల్లోంచి కూడా వస్తుంది, ఆరబెట్టిన స్లైడులమీద గీమ్సా రంగును చెడగొడుతుంది. ఆ స్లైడుల్లో రెండు గాలికి ఆరబెట్టినవి, రెండు తీయగానే 95% ఆల్కహాల్‌లో ముంచినవి. ఏవి ఏవో గాజు చివర పెన్సిల్‌తో రాశాం.

నమూనాల వాహనం మధ్యాహ్నం 3 గంటలకు బయలుదేరుతుంది. డ్రైవరు మన రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవాలి, పాథాలజీ కౌంటర్‌లో వారి ల్యాబ్ నంబరు, సంతకం, సమయం రాయించుకుని రావాలి. వాహనం దాటిపోతే డబ్బాను అలమారలో తాళం వేసి, మర్నాడు పంపండి. సరైన ద్రావణంలో ఉన్న ముక్కకు ఒక రాత్రి ఆలస్యంతో నష్టం లేదు. రొమ్ము ముక్కలకు మాత్రం గడియారం చూడాలి: తీసిన గంటలోపు ఫార్మాలిన్‌లో పడాలి, మొత్తం 6 నుంచి 72 గంటల మధ్యే అందులో ఉండాలి. లేకపోతే హార్మోన్ రిసెప్టర్ల ఫలితాన్ని నమ్మలేం. శనివారం తీసేటప్పుడు ఈ లెక్క చూసుకోండి.

లేబుల్ లేని డబ్బా గానీ, పత్రానికీ డబ్బాకూ పేరు కలవని డబ్బా గానీ చేరితే పాథాలజీవారు పరీక్ష ఆపి 214కు ఫోన్ చేస్తారు. ముక్క తీసిన డాక్టరే వెళ్లి, చూసి, రాతపూర్వకంగా సరిచేయాలి. ఫోన్‌లో ‘అది ఆమెదే లెండి’ అంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

రిపోర్టు వచ్చే తేదీని రిజిస్టరు చివరి గడిలో రాయండి. అప్పలమ్మను 28-07-2025, సోమవారం ఓపీకి రమ్మన్నాం, కుమారుడి ఫోన్ నంబరు కేస్ షీట్‌లో ఉంది. రిపోర్టు శుక్రవారం సాయంత్రానికి చేరకపోతే ఓపీ సిస్టర్ పాథాలజీకి ఫోన్ చేసి ల్యాబ్ నంబరు చెప్పి అడగాలి. క్యాన్సర్ అని వస్తే సోమవారం దాకా ఆగవద్దు, ఆ రోజే కుమారుడికి కబురు పెట్టండి.