నాలుగో ప్రశ్న

శ్రావణి ఫోన్ మంచం మీద రెండుసార్లు వణికింది. తెల్లారితే స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పరీక్ష. మెస్‌లో పప్పుచారు తిని వచ్చి, ఎవరి మంచం మీద వాళ్ళం పుస్తకాలు పరుచుకుని కూర్చున్నాం. ఫోన్ తీసి చూసిన శ్రావణి ముఖం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. నేను మెడ సాచి చూశాను. గీతల కాగితం, నీలం ఇంకు చేతిరాత, ఒక బీమ్ బొమ్మ, బాణం గుర్తులు. కాగితం మూలన పట్టుకున్న బొటనవేలు కూడా ఫోటోలో పడింది. ఆ గోరు మీద సగం వెలిసిపోయిన ఎర్ర గోరింటాకు. నేను చూసింది అంతే. శ్రావణి ఫోన్ బోర్లా పెట్టేసింది.

"ఏందే అది?"

"ఏం లేదు."

"రేపటిదా?"

శ్రావణి అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రాత్రి అంత దూరం పోయేది కాదు.

"మా చిన్నమ్మ కొడుకు పంపిండు. రేపటి పేపర్ల వచ్చేదంట. ఎవరో ఆన్సర్ రాసి ఫోటో తీసిన్రంట. నేనైతే ఎవరికీ పంప."

అది 2023 మార్చి నెల. మేం హన్మకొండలో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండేవాళ్ళం. నయీంనగర్ రోడ్డు మీది నుంచి కాలేజీ బస్సు ఎక్కేవాళ్ళం. సివిల్ రెండో ఏడాది, మొదటి సెమిస్టర్. ఆ సబ్జెక్టులో నా పరిస్థితి చెప్పుకోవాలి. మిడ్ పరీక్షల్లో నాకు వచ్చిన మార్కులు చూసి సారే ఇంకోసారి కూడి చూశారు. ఎక్స్‌టర్నల్ అప్పట్లో 75కి. అందులో 26 రాకపోతే ఫెయిల్. పార్ట్ ఏ 25 మార్కులు, పార్ట్ బీ 50. పార్ట్ బీలో ఐదు యూనిట్లకు ఐదు పదిమార్కుల ప్రశ్నలు. ప్రతిదానికీ 'లేదా' అని పక్కన ఇంకో ప్రశ్న ఉంటుంది, రెండింటిలో ఏదో ఒకటి రాయాలి. అప్పటికే నాకు మూడు బ్యాక్‌లాగ్‌లు. నాయన ఆటో నడుపుతాడు. ఈ సంగతులన్నీ శ్రావణికి తెలుసు. తొలి ఏడాది నుంచీ మాది ఒకే గది.

"నాకొక్కదానికి పంపవే. ఎవ్వరికీ చెప్ప."

"నీకు పంపితే నువ్వు శిరీషకు పంపుతవ్. అది దోస్తులకు పంపుతది. మౌనికా, అడగకు, ప్లీజ్."

"మరి నువ్వు చూసినవ్ గదా!"

దానికి జవాబు రాలేదు.

గోడ అవతలి వాళ్ళకి మా మాటలు వినపడ్డాయో, నేనే కొంచెం గట్టిగా అన్నానో. పావుగంటలో గదిలో ఏడుగురు చేరారు. శిరీష తలుపు దగ్గర చెప్పులు విడవకుండానే అడిగింది, "పేపర్ ఔటైందట?" మంచం చుట్టూ నిలబడి మొదట బతిమాలారు, తర్వాత దెప్పారు. ఫస్ట్ క్లాస్ వచ్చేవాళ్ళకి ఫెయిలయ్యేవాళ్ళ బాధ ఏం తెలుసు అంది ఒకామె. నువ్వు జ్వరంతో పడుంటే రికార్డు రాసిచ్చింది ఎవరే అంది ఇంకొకామె. అది నిజమే, రాసిచ్చింది ఆమే. శ్రావణి తల దించుకుని వింది. చివరికి ఫోన్ తీసి, అందరికీ కనబడేలా పట్టుకుని, ఫోటో డిలీట్ చేసింది.

"పోయింది. ఇంగ పోయి చదువుకోన్రి."

అప్పుడు ఒక మాట అన్నాను. ఇప్పటికీ ఆ మాట నాలుక మీద చేదుగానే ఉంది.

"తలకాయల ఉందిగా. ముందే చదువుకుని, మాకు లేకుండ తీసేసినవ్."

శ్రావణి నా వైపు చూసింది. మిగతావాళ్ళు అన్న మాటలకు దించిన తల, నా మాటకు ఎత్తింది.

వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. పదకొండు దాటింది. నేను గోడవైపు తిరిగి పుస్తకం పట్టుకున్నాను కానీ అక్షరం ఎక్కడం లేదు. కాసేపటికి మెల్లగా అడిగాను, "పోనీ ఏ యూనిటో చెప్పు. బీమ్ బొమ్మ చూసిన. బీమ్ రెండో యూనిట్ల ఉంటది, మూడో దాంట్ల ఉంటది, నాలుగో దాంట్ల ఉంటది. ఏది?"

"చెప్ప."

"ఓకే, చెప్పకు. నాకు డౌట్లన్న చెప్తవా? అన్ని యూనిట్లు అడుగుత."

శ్రావణి కొంచెం ఆలోచించింది.

"చెప్ప. నువ్వు నా మొఖం చూసి కనిపెడతవ్. అది వచ్చినప్పుడు నేను ఆగుత, లేకపోతే తొందరపడుత. నాకే తెల్వకుండ చూపిస్త. నా నోట్స్ తీస్కో."

నోట్‌బుక్ నా మంచం మీద పెట్టి, దుప్పటి తలదాకా కప్పుకుంది. చదువుకోలేదు! రేపు పరీక్ష పెట్టుకుని, క్లాసులో ముందుండే పిల్ల, పుస్తకం నాకిచ్చి పడుకుంది. అది కూడా నాకు అప్పుడు నాటకంలాగే తోచింది.

ఆ నోట్‌బుక్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. గోధుమరంగు అట్ట, మూలలు అరిగిపోయి ఉన్నాయి. ప్రతి లెక్క పక్కన పెన్సిల్‌తో చిన్న చిన్న మాటలు. 'ఎడమ నుంచి పోతే పైకి ప్లస్.' 'ఇక్కడ రెండుసార్లు తప్పు చేసిన.' 'షియర్ సున్నా అయిన కాడ మొమెంట్ ఎక్కువ.' ఆరు మీటర్ల బీమ్, మీటరుకు 20 కిలోన్యూటన్ల లోడు. రియాక్షన్లు అరవై, అరవై. మధ్యలో మొమెంట్ 90. ఈ లెక్కని సారు బోర్డు మీద ఎన్నిసార్లు చేశారో. నాకు ఎన్నడూ ఎక్కలేదు. శ్రావణి మాత్రం దాని కింద ఇలా రాసుకుంది: 'బీమ్‌ను ఒక కాడ కోసినట్టు అనుకో. ఎడమ ముక్క పడకుండ ఉండాలంటే ఏం కావాలె? అదే షియర్. తిరగకుండ ఉండాలంటే ఏం కావాలె? అదే మొమెంట్.' చేతిలో స్కేలును రెండు ముక్కలు చేసినట్టు ఊహించుకుని చూశాను. ఏడాదంతా సూత్రంలా బట్టీ పట్టింది అప్పుడు వస్తువులా కనబడింది.

ఒంటిగంట దాకా లెక్కలు చేశాను. నీళ్ళ కోసం లేచేసరికి శ్రావణి మంచం ఖాళీ. మెట్ల మీద చీకట్లో కూర్చుని ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అన్నం తిన్నవా అక్కా? అమ్మ చెప్పింది, పొద్దుందాక తలుపు తియ్యలేదట. ...నాకు పరీక్షనే, చదివిన, నువ్వు నా గురించి పరేషాన్ కాకు. ...జూన్ 11 అన్నరుగ, ఇంక టైముంది. ...పుస్తకాలు అమ్ముకోకు అక్కా. నీకు దండం పెడుత. పుస్తకాలైతే అమ్ముకోకు."

వాళ్ళక్క గ్రూప్-1 రాసిందని నాకు తెలుసు. 503 పోస్టులకు 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. మెయిన్స్‌కు 25,050 మందిని తీసుకున్నారు. వాళ్ళలో వాళ్ళక్క ఉంది. అశోక్‌నగర్‌లో ఒక గదిలో నలుగురితో సర్దుకుని, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో చదివి, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం తిని సంపాదించుకున్న నంబరది. జనవరిలో ఫలితం వచ్చినప్పుడు శ్రావణి ఫ్లోరంతా లడ్డూలు పంచింది, నేను రెండు తిన్నాను. మార్చిలో పేపర్ లీకైందని బయటపడింది. 17వ తేదీన పరీక్ష రద్దు చేసి, జూన్ 11న మళ్ళీ పెడతామన్నారు. ఆ వార్త మా గదిలో నేనే చదివి వినిపించాను. "అయ్యో" అన్నాను. అని, మళ్ళీ ఫోన్ చూసుకున్నాను.

శ్రావణి చూడకముందే గదిలోకి వచ్చేశాను.

పొద్దున పరీక్ష హాల్లో పేపర్ చేతికొచ్చింది. నాలుగో ప్రశ్న: ఒకవైపు బయటికి పొడుచుకొచ్చిన బీమ్. షియర్, మొమెంట్ బొమ్మలు గీయాలి, మొమెంట్ గుర్తు మారే చోటు కనుక్కోవాలి. దాని పక్కన 'లేదా' ఐదో ప్రశ్న: లోడుకూ షియర్‌కూ మొమెంట్‌కూ సంబంధం రాబట్టాలి, ఆపైన కాంటిలీవర్ మీద పెరుగుతూ పోయే లోడుకు బొమ్మలు గీయాలి. నేను నాలుగో ప్రశ్న పట్టుకున్నాను. బీమ్‌ను కోసినట్టు అనుకున్నాను, ఎడమ ముక్క పట్టుకున్నాను. చెయ్యి ఆగలేదు. జీవితంలో మొదటిసారి అడిషనల్ షీట్ అడిగాను.

శ్రావణి నాకు రెండు వరసల ముందు, పక్క లైనులో కూర్చుంది. ఆఖరి అరగంటలో చూస్తే పెన్సిల్ పట్టుకుని ఏదో చెరిపేస్తోంది, మళ్ళీ గీస్తోంది. గంట కొట్టాక కూడా రాస్తుంటే మేడమ్ పేపర్ లాక్కున్నారు.

బస్సులో నా పక్కన కూర్చోలేదు. గదికి వచ్చాక ప్రశ్నపత్రం మంచం మీద పడేసి ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది. రాసిన ప్రశ్నలకు పక్కన టిక్ పెట్టుకోవడం ఆమెకు అలవాటు. 2, 5, 6, 8, 10.

ఐదు. నాలుగు కాదు.

నోట్‌బుక్ తెరిచి చూశాను. పొడుచుకొచ్చిన బీమ్ లెక్కలు పన్నెండు పేజీల నిండా ఉన్నాయి, అంకెలు మార్చి మార్చి చేసుకుంది. కళ్ళు మూసుకుని కూడా రాయగలిగిన ప్రశ్న అది. కాంటిలీవర్ మీద పెరిగే లోడు లెక్క ఒక్కటే ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో రాసుకుంది: 'సరిగ్గ అర్థం కాలే. అడగాలె.'

తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. నా చేతిలో ప్రశ్నపత్రం చూసి ఆగింది.

"నాలుగే గదా?" అన్నాను.

"ఆ."

"అంకెలు కూడ అవేనా?"

"అవే." మంచం మీద కూర్చుంది. "మొదలు పెడుదామనే చూసిన. ఆన్సర్ కండ్ల ముందట కనబడ్డది. నేను చేసినట్టు అనిపియ్యలే. ఐదోది సగమే అయింది."

"శ్రావణీ, రాత్రి నేనన్నది..."

"ఇడిసిపెట్టు." కాసేపు ఊరుకుని, బ్యాగులోంచి ఒక తెల్లకాగితం తీసింది. బస్సులో రాసిందేమో, అక్షరాలు వంకర పోయాయి. ప్రిన్సిపాల్‌గారికి అర్జీ. ఎన్ని గంటలకు ఫోటో వచ్చింది, ఎవరు పంపారు, ఏ ప్రశ్న, ఏ అంకెలు. చిన్నమ్మ కొడుకు పేరు కూడా రాసింది.

"వాని పేరు ఎందుకే? మీ చిన్నమ్మ మీతోని మాట్లాడదు ఇంగ."

"మాట్లాడదు. తెలుసు." ఆమె గొంతు వణికింది. "వానికి ఎవరిచ్చిన్రో వాడు చెప్పాలె గద. కాని ఫోటో నా కాడ లేదు. ఉత్తగ చెప్తున్ననంటరు. నువ్వు చూసినవ్."

"నేను బొటనవేలు చూసిన. గోరింటాకు."

"అది చాలు. సంతకం పెడతవా?"

కాగితం నా చేతిలో ఉంది. దీన్ని ఇస్తే పరీక్ష రద్దు చేయొచ్చు. నేను ఎన్నడూ రాయనంత బాగా రాసిన పరీక్ష, నేను నేర్చుకుని రాసిన నాలుగో ప్రశ్న, అన్నీ మళ్ళీ మొదటికి రావొచ్చు. శిరీష వాళ్ళు మా ఇద్దరితోనూ మాట్లాడరు. ఈ లెక్కలన్నీ శ్రావణి ముందే వేసుకుని ఉంటుంది. రద్దు అంటే ఏమిటో ఆమెకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? అయినా రాసింది.

"మళ్ళ పెడితే, ఆ కాంటిలీవర్ లెక్క ఇద్దరం కలిసి సార్‌ను అడుగుదాం," అన్నాను.

పెన్ను అడిగాను. పేరు రాశాను. కింద హాల్ టికెట్ నంబరు కూడా వేశాను.