మీ నవల సంగతి: ఎడిటింగ్ వేరు, ప్రూఫులు వేరు

సరిత గారూ, నమస్తే.

మీ మెయిల్ చూశాను. "మా తమ్ముడు తెలుగు పండిట్, తప్పులన్నీ దిద్దేశాడు, మీరు ఓసారి పైపైన ఎడిటింగ్ చేసేస్తే డీటీపీకి ఇచ్చేద్దాం, డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి పుస్తకం రావాలి" అన్నారు కదా. తమ్ముడు గారు చాలా శ్రద్ధగా చూశారు, ఆయన కష్టాన్ని తక్కువ చేయట్లేదు. కానీ ఆయన చేసింది ప్రూఫ్ చూడడం, అదీ కొంతవరకే. ఎడిటింగ్ ఇంకా మొదలే కాలేదు. మొదటి పుస్తకం వేసే చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, తప్పేం లేదు, మన దగ్గర ఎక్కువ పుస్తకాలు రచయిత చేతి నుంచి నేరుగా డీటీపీ ఆపరేటర్ దగ్గరికే పోతాయి, మధ్యలో ఇంకో మనిషి ఉంటాడనే అలవాటే లేదు.

మాటల్లో చెప్తే అర్థం కాదు గానీ మీ మూడో చాప్టర్ మొదటి పేరానే తీసుకుందాం. తమ్ముడు గారు దిద్దకముందు మీరు రాసింది ఇది:

"ఆ రోజు ఉదయం సూర్యుడు ఉదయిస్తుండగా రాజవ్వ గుండెల్లో ఎంతో భాద పొంగుకొచ్చింది. నైట్ షిఫ్టుకు వెల్లిన భర్త ఇంకా ఇంటికి రాలేదని ఆమె చాలా భాద పడింది. ఆమెకు ఏమీ అర్ధం కాలేదు. పొయ్యి మీద అన్నం మాడిపోతోంది."

ప్రూఫ్ రీడర్ దీన్ని చూస్తే "భాద" రెండు చోట్లా "బాధ" అవుతుంది, "వెల్లిన" కాస్తా "వెళ్లిన" అవుతుంది, "అర్ధం"లో ఒత్తు మారి "అర్థం" అవుతుంది (ఇది తమ్ముడు గారి కంట్లో కూడా పడలేదు, అర్ధం అన్నా మాటే కాబట్టి మామూలు స్పెల్ చెక్ సాఫ్ట్‌వేర్ పట్టుకోదు). అంతే, ఆయన పని అయిపోయింది. పేరాలో తప్పు ఒక్కటీ లేదు. చదివితే మాత్రం ఇందాక ఎంత చప్పగా ఉందో ఇప్పుడూ అంతే చప్పగా ఉంటుంది.

అదే పేరా నా చేతికొస్తే నేను మార్జిన్లో అడిగే ప్రశ్నలు వేరే. ఉదయం అన్నాక సూర్యుడు ఉదయించడం ఎందుకు? బాధ అని రెండుసార్లు చెప్తున్నారు, అసలు ఒక్కసారైనా చెప్పాలా? అన్నం మాడుతున్నా లేవని ఆడమనిషి కళ్లముందు ఉంటే ఆమె బాధ పడుతోందని మీరు నాకు చెప్పక్కర్లేదు కదా. నేనైతే ఇలా సూచిస్తాను:

"పొయ్యి మీద అన్నం మాడుతోంది. రాజవ్వ లేవలేదు. నైట్ షిఫ్టుకు పోయిన మనిషి తెల్లారినా రాలేదు."

చూడండి, ఇందులో నేను కొత్తగా చేర్చింది రాజవ్వ లేవకపోవడం ఒక్కటే. మిగతాదంతా మీదే, చివర్లో ఉన్నదాన్ని ముందుకు తెచ్చి అడ్డంగా ఉన్నవి తీశాను. నచ్చకపోతే వద్దనండి. ఎడిటింగ్‌లో చివరి మాట రచయితదే, మీ ఒప్పుకోలు లేకుండా వాక్యం మారదు, ప్రతి మార్పూ వర్డ్ ఫైల్లో ట్రాక్ చేంజెస్‌తో కనపడుతుంది. ప్రూఫులో అలా కాదు, "భాద" నా శైలి అంటే ఎవరూ ఒప్పుకోరు.

వాక్యాల కంటే ముందు చూడాల్సినవి కూడా ఉన్నాయి. కథ 1993లో కొత్తగూడెంలో మొదలవుతుంది, బాగుంది, బొగ్గు బాయి దగ్గరి సైరన్ నుంచి కార్మికుల క్వార్టర్ల దాకా కళ్లకు కట్టారు. కానీ ఐదో చాప్టర్లో సూపర్‌వైజర్ సెల్‌ఫోన్ తీసి మాట్లాడతాడు. మన దేశంలో సెల్ సర్వీసు మొదలైందే 1995లో, అదీ పెద్ద నగరాల్లో. ఇంకోచోట పోలీసు కాగితం మీద "భద్రాద్రి కొత్తగూడెం జిల్లా" అని ఉంది, ఆ జిల్లా వచ్చింది 2016 అక్టోబర్లో, అప్పటికది ఖమ్మం జిల్లానే. రాజవ్వ కూతురు 1993లో టెన్త్ పాసై 1996లో ఇంకా ఇంటర్ ఫస్టియర్లోనే ఉంది, మధ్యలో చదువు ఆగిందా? ఆగితే అదే ఒక కథ, ఒక్క ముక్క చెప్పండి. ఇలాంటివి ప్రూఫ్ రీడర్ కంట్లో పడితే పడతాయి, లేకపోతే లేదు, ఆయన్ని వెతకమని మనం అడగలేదు. వెతకడం నా పని.

ఇక అన్నిటికంటే పెద్దది యాస. రాజవ్వ ఒక పేజీలో "వచ్చిండు" అంటుంది, ఇంకో పేజీలో "వచ్చాడు" అంటుంది. కథనం మీ గొంతులో మామూలు వాడుక భాషలో ఉంది, ఆమె మాటలు ఆమె యాసలో ఉండాలనే నా ఉద్దేశం, కానీ నిర్ణయం మీది. మీరు ఏదో ఒకటి ఖాయం చేస్తే నేను ఒక స్టైల్ షీట్ రాసి ప్రూఫ్ రీడర్‌కి ఇస్తాను, "పోయిండు, వచ్చిర్రు, గట్లనే" ఇవి తప్పులు కావు, ముట్టుకోవద్దు అని. అది లేకపోతే ఏమవుతుందో తెలుసా, మంచి మనసుతోనే ఆయన రాజవ్వ మాటలన్నీ శుభ్రంగా దిద్దేసి చేతిలో పెడతాడు. తమ్ముడు గారు ఇప్పటికే మూడు చోట్ల ఆ పని చేశారు, నేను వెనక్కి మార్చాను.

అందుకే ఎడిటింగ్ ముందు, ప్రూఫులు తర్వాత. పెయింటింగ్ అయ్యాక గోడ పడగొట్టుకుంటామా. ఏడో చాప్టర్ నాకు సగానికి సగం అక్కర్లేదనిపిస్తోంది (పెళ్లిచూపుల సీన్ చాలా సాగింది, మీకూ లోపల ఆ అనుమానం ఉండే ఉంటుంది), పేజీలు పెట్టాక దాన్ని తీస్తే వెనకాల పేజీ నంబర్లన్నీ కదులుతాయి, విషయసూచిక మారుతుంది, అచ్చులో ఒక్కో ఫారానికి పదహారు పేజీల లెక్క తప్పుతుంది, చూసిన ప్రూఫులు మళ్లీ చూడాలి, ఆపరేటర్‌కి మళ్లీ డబ్బులు.

ఇంకో మాట, తప్పులు లేని ఫైల్ ఇచ్చినా ప్రూఫులు తప్పవు. మీరు ఫోన్లో యూనికోడ్‌లో టైప్ చేశారు, మన ఆపరేటర్ దాన్ని యూనికోడ్ కాని "అను" ఫాంట్స్‌లోకి మార్చి పేజీలు పెడతాడు, ఆ మార్పిడిలో కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్నిచోట్ల అక్షరాలు అతుక్కుపోతాయి, ఒక్కోసారి పేరాకి పేరానే రెండుసార్లు పడుతుంది. మీ ఫైల్లో లేని తప్పులు పేజీలో పుడతాయి. అందుకే ప్రింట్ తీసి, పక్కన ఎడిట్ చేసిన కాపీ పెట్టుకుని, లైను లైనూ పోల్చాలి. ఫస్ట్ ప్రూఫ్, దిద్దింది సరిగ్గా పడిందో లేదో చూసే సెకండ్ ప్రూఫ్, చివరికి టైటిల్ పేజీ, ఐఎస్‌బీఎన్, అట్ట వెనక మాటర్. ఒక సెట్ మీకూ పంపిస్తాను. అప్పుడు మాత్రం దయచేసి కొత్త వాక్యాలు రాయకండి, ఆ కోరికేదో ఇప్పుడే తీర్చుకోండి.

డిసెంబర్ అంటారా, కుదురుతుంది, మీరు ఆలస్యం చేయకపోతే. ఎడిట్ చేసిన మొదటి నాలుగు చాప్టర్లు అటాచ్ చేశాను. కామెంట్లన్నీ చదివి ఒప్పుకున్నవి ఒప్పుకోండి, కోపం వచ్చినవి వదిలేసి రెండ్రోజులాగి మళ్లీ చూడండి. యాస విషయం, సెల్‌ఫోన్ సీన్ ఏం చేస్తారో, కూతురి చదువు, ఈ మూడింటికీ వచ్చే ఆదివారంలోపు జవాబు కావాలి. ఏడో చాప్టర్ గురించి ఫోన్లో మాట్లాడుకుందాం, సాయంత్రం ఆరు దాటాక ఎప్పుడైనా చేయండి.

తమ్ముడు గారికి నా నమస్కారాలు చెప్పండి. ఫస్ట్ ప్రూఫ్ ఆయన కూడా చూస్తానంటే నాకు సంతోషమే, స్టైల్ షీట్ పక్కన పెట్టుకుని చూడమనండి.

ఉంటాను,
పద్మజ