మూడు లోడ్లు ట్రయల్ చేసి చూద్దామా, సురేష్ గారూ

కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా
19 జనవరి 2026

సురేష్ గారూ, నమస్తే.

పోయిన నెల హైదరాబాద్ ఎగ్జిబిషన్లో మూడో రోజు సాయంత్రం, అందరూ స్టాళ్లు సర్దుకుంటున్న టైంలో వచ్చారు మీరు. వేయించిన పల్లీల పళ్లెం పక్కకు జరిపి పచ్చివాటిలో చెయ్యి పెట్టారు, ఒక గింజ కొరికి ఆ చప్పుడు విని "బాగానే ఎండబెట్టారే" అన్నారు, ఆ చెనిక్కాయల అంగడి రమణను నేను. మూడు రోజుల్లో వేయించినవి గుప్పెళ్లకొద్దీ తిని, కార్డు తీసుకుని పోయినవాళ్లు వందమందికి పైనే ఉంటారు, స్టాలుకీ లాడ్జికీ కలిపి నాకు 38,000 అయింది, ఇప్పటికి ఫోన్ చేసింది ఇద్దరు, అందులో ఒకాయన ఇన్సూరెన్స్ ఏజెంటు. పచ్చి గింజ కొరికి చూసింది మాత్రం మీరొక్కరే. అందుకే పండగ అయిపోగానే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నా.

విషయం నేరుగా చెప్పేస్తా. మీతో ట్రయల్‌గా మూడు లోడ్లు వ్యాపారం చేసి చూడాలని ఉంది. లోడుకు 2 టన్నులు, అంటే 50 కేజీల బస్తాలు 40. మొదటిది ఫిబ్రవరి 5కి మీ గోడౌన్లో దిగుతుంది, శివరాత్రి 15న కాబట్టి పండగ గిరాకీకి అందుతుంది. రెండోది ఫిబ్రవరి 26. మూడోది మార్చి 16, ఉగాదికి మూడు రోజుల ముందు. ఆ తర్వాత నెలాఖరులో నేనే హైదరాబాద్ వస్తా, ఎదురెదురుగా కూర్చుని కొనసాగిద్దామా వద్దా తేల్చుకుందాం. వద్దనుకుంటే అక్కడితో సరి, మొహమాటం ఏమీ లేదు.

6 టన్నులే ఎందుకంటే నా దగ్గర లెక్క అంతే ఉంది. ఖరీఫ్ పంటలో కళ్యాణదుర్గం, కంబదూరు, శెట్టూరు మండలాల రైతుల దగ్గర కొన్న కాయ 18 టన్నులు గోడౌన్లో ఉంది, అంతా కె-6 రకమే. క్వింటా కాయకు 68 కేజీల గింజ వస్తోంది ఈ ఏడు, అంటే మొత్తం 12 టన్నుల చిల్లర, జల్లెడ పట్టాక మీకు కావలసిన సైజు 7 టన్నులు దాటుతుంది. చేతిలో లేని సరుకును చూపించి మాట ఇచ్చే అలవాటు నాకు లేదు. రబీ కాయ బోర్ల కింద వేసింది మార్చి ఆఖర్లో, ఏప్రిల్లో వస్తుంది, మనకు కుదిరితే దాన్ని అప్పుడు చూసుకుందాం.

ఆ రోజు మీరొక మాటన్నారు, టిఫిన్ సెంటర్ల వాళ్లు పల్లీల మీద గోల చేస్తున్నారని, ఒకే మూకుడులో సగం మాడిపోతున్నాయి, సగం పచ్చిగా ఉండిపోతున్నాయి, చట్నీ చేదెక్కుతోందని. నేను వచ్చాక దాని గురించే ఆలోచించా. అది వేయించేవాడి తప్పు కాదండీ, సరుకు కలగాపులగం కావడం. చిన్న గింజ ముందే వేగిపోతుంది, పెద్దది వేగేసరికి అది బొగ్గవుతుంది. పైగా ఇప్పుడు మా వైపు కె-6తో పాటు లేపాక్షి రకం కూడా బాగా వేస్తున్నారు, కరువుకు తట్టుకుంటుంది, కాపూ ఎక్కువే, రైతు వేసుకోవడంలో తప్పేం లేదు, కానీ రెండూ ఒకే బస్తాలో పడితే మూకుడులో ఇబ్బందే. నేను కొనేటప్పుడే రెండింటినీ వేరుగా దింపిస్తా. మీకు పంపేది కె-6 ఒక్కటే, కౌంటు 60/70, అంటే ఔన్సుకు 60 నుంచి 70 గింజలు తూగాలి. మీ కుర్రాడు ఏ బస్తా అయినా విప్పి 28 గ్రాములు తూచి లెక్కపెట్టుకోవచ్చు. బద్దలు నూటికి 2 దాటవు. రాళ్లుంటాయా అని అడిగారు, లేవని ప్రమాణం చేయను గానీ జల్లెడ తర్వాత ఆరుగురు ఆడవాళ్లు కూర్చుని చేత్తో ఏరతారు, మా మిషన్ కంటే వాళ్ల కళ్లనే నేను ఎక్కువ నమ్ముతా.

తేమ గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇందులో నేనొకసారి చేతులు కాల్చుకున్నా. నాలుగేళ్ల కిందట ముసురు పట్టిన వారంలో, తొందరపడి, కొరికి చూసి ఎండిందిలే అనుకుని లోడెత్తించా. నాలుగు రోజులకు బస్తాల మధ్యలో వేడెక్కి బూజు పట్టింది, లోడంతా వెనక్కొచ్చింది, రానుపోను బాడుగ నాదే. తప్పు నూటికి నూరు పాళ్లు నాదే. ఆ వారమే తేమ మీటరు కొన్నా. ఇప్పుడు గింజ 7 శాతం లోపల ఉంటేనే బస్తా కుడతాం, ఆ అంకె బస్తా చీటీ మీద రాస్తాం. బస్తా కూడా గోనెదే, ప్లాస్టిక్ సంచి కంటే ఖరీదు ఎక్కువైనా గాలాడుతుంది.

బూజు అంటే రంగూ రుచీ పోవడం ఒక్కటే కాదు, దాంట్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. పైరు చివర్లో బెట్ట తగిలినప్పుడు పొలంలోనే మొదలవుతుంది, తేమతో నిల్వ పెడితే పెరుగుతుంది, కంటికి బాగున్న గింజలోనూ ఉండొచ్చు. వేయిస్తే పూర్తిగా పోయేదీ కాదు. మా అనంతపురంలో బెట్ట గురించి మీకు చెప్పాల్సిన పనేముంది. ఫుడ్ సేఫ్టీ వాళ్ల లెక్కలో తినేముందు ఇంకా ప్రాసెసింగ్‌కు వెళ్లే పల్లీకి 15 పీపీబీ, నేరుగా తినేదానికి 10 వరకు హద్దు. మీ సరుకు మిఠాయి కొట్లకూ పోతుంది కాబట్టి మనం 10నే హద్దుగా పెట్టుకుందాం. లోడు బయల్దేరే ముందు పది పన్నెండు బస్తాల నుంచి కొంచెం కొంచెం తీసి కలిపి, కేజీ చొప్పున రెండు శాంపిళ్లు సీలు వేస్తాం, ఒకటి నా దగ్గర, ఒకటి మీకు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు హైదరాబాద్‌లో ఏదైనా మీరే ఎంచుకోండి, ఖర్చు చెరిసగం. 10 దాటితే సరుకు నా బాడుగతో వెనక్కి తెచ్చుకుంటా, ఆ ల్యాబు బిల్లు మొత్తం కూడా నాదే. రిపోర్టు వచ్చేదాకా మాత్రం బస్తాలు అమ్మకండి, సగం అమ్మేశాక మిగతా సగం వెనక్కి తీసుకోమంటే నావల్ల కాదు.

ఇక రేటు. దాపరికం లేకుండా రాస్తా, నా లాభం కూడా ఎంతో చూడండి. కాయ నాకు సగటున క్వింటా 6,800 పడింది, 68 కేజీల గింజ అంటే కేజీ 100 రూపాయలు. ఒలిపించడం, జల్లెడ, ఏరడం, గోనె, హమాలీ అన్నీ కలిపి 4.50. నొక్కులు, బద్దలు, సన్న గింజ నూనె మిల్లుకు తక్కువకు పోతాయి, ఆ తేడా మంచి గింజ మీద కేజీకి 4 పడుతుంది. నాకు 3. లారీ బాడుగ 2.50, వేరే సరుకుతో కలిపి వేస్తే ఆ మాత్రంలో వస్తుంది, సాయంత్రం లోడెత్తితే గుత్తి, కర్నూలు మీదుగా తెల్లారేసరికి మీ దగ్గరుంటుంది. అన్నీ కూడితే మీ గోడౌన్ దగ్గర కేజీ 114, జీఎస్టీ 5 శాతం వేరే. పొట్టు ఇటుక బట్టీలకు అమ్మితే కరెంటు బిల్లుకు సరిపోతుంది, దాన్ని లెక్కలోకి తేలేదు, అది కూడా తగ్గించమని మీరడిగితే నవ్వుతా గానీ ఒప్పుకోను.

కాయ నా దగ్గరే ఉంది కాబట్టి మూడు లోడ్లకూ ఇదే రేటు. మార్కెట్లో కాయ ధర క్వింటాకు 340 రూపాయలకు మించి అటో ఇటో కదిలితే ఎవరైనా ఫోన్ చేసి మాట్లాడొచ్చు, అంతకు లోపల పెరిగితే నేను అడగను, తగ్గితే మీరు అడగొద్దు.

డబ్బు విషయం. ఒక్కో లోడు 2,28,000 అవుతుంది, ట్యాక్సు కాకుండా. లోడెత్తిన రోజు సగం, సరుకు దిగిన పదో రోజు మిగతా సగం. కొత్తవాళ్లకు సిటీలో 30 రోజుల అరువు మామూలే అని నాకు తెలుసు, కానీ మూడేళ్ల కిందట ఒక సిటీ వ్యాపారి 5 టన్నులు నోటిమాట మీద దింపించుకుని, ఏడు నెలలు ఇరవై వేలు, పదిహేను వేలు చొప్పున గీకి గీకి ఇచ్చాడు. ఆ ఏడు నేను రైతులకు ఎలా సర్దానో నాకే తెలుసు, వాళ్లు నా అంగడి మెట్ల మీద కూర్చుంటే తలెత్తి చూడలేకపోయా. మీరు అలాంటివాళ్లు అని కాదు. మనిద్దరి మధ్య కాగితం మీద ఉంటే ఇద్దరికీ నిద్ర పడుతుంది. ఈ ట్రయల్ సజావుగా జరిగితే రబీ సరుకు నుంచి అడ్వాన్సు తగ్గించుకుని 20 రోజుల అరువు ఇస్తా, అది ఇప్పుడే రాసిస్తున్నా.

తూకంలో తేడా వస్తే ఏంటంటారేమో. దారిలో ఆరి అర శాతం తగ్గడం సహజం, లోడుకు 10 కేజీల వరకు మీరు పట్టించుకోవద్దు. అంతకు మించితే కాటా చీటీ ఫోటో పంపండి, బిల్లులో కోసేస్తా.

మీ వైపు నుంచి నాకు కావలసినవి రెండే. సరుకు మీద ఫిర్యాదు ఏదైనా వస్తే, చిన్నదైనా సరే, ఏ హోటల్ నుంచి ఏ బస్తాకు వచ్చిందో నాకు చెప్పాలి, చీటీ నంబరు చూస్తే అది ఏ రైతు కాయో నేను చెప్పగలను. రెండోది, ఈ 6 టన్నుల్లో వేరే పల్లీ కలపకండి. కలిపితే ట్రయల్ పెట్టుకుని ఉపయోగం ఏముంది, ఎవరి సరుకు బాగుందో ఎవరి సరుకు మాడిందో తెలియదు కదా. మిగతా ఎవరి దగ్గర కొనుక్కుంటారో అది మీ ఇష్టం, నా దగ్గరే కొనాలని అడగడం లేదు. ఈ మార్చి దాకా నేను కూడా మీ ఏరియాలో ఇంకొకరికి ఈ గ్రేడు వేయను.

ఫుడ్ సేఫ్టీ లైసెన్సు, జీఎస్టీ కాగితాలు వాట్సాప్‌లో పెడతా. ఈ-వే బిల్లు నేనే తీస్తా. ఇందులో ఏదైనా మీకు నచ్చకపోతే గీత కొట్టి పక్కన మీ మాట రాసి పంపండి, ఫోన్లో బేరమాడితే ఇద్దరం సగం మర్చిపోతాం. 24వ తేదీ శనివారం లోపల ఏదో ఒకటి తెలిస్తే మిషన్ వాళ్లకు రోజులు చెప్పుకుంటా, మా ఊళ్లో ఒలిచే మిషన్ దొరకడం ఈ నెల చాలా కష్టంగా ఉంది.

ఉంటాను,
రమణ

తా.క.: అనంతపురం నుంచి వచ్చే బస్సు పార్శిల్లో 5 కేజీలు పంపుతున్నా, బుధవారానికి అందుతాయి. ఆ గోల చేసే టిఫిన్ సెంటర్ ఆయనకే ఇచ్చి ఒక పూట చట్నీ చేయించండి. ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి, తిట్టినా సరే.