తెలిసే అమ్మారు: మూట్ కోర్టులో రైతు తరఫు ముగింపు వాదన

మై లార్డ్, మా కేసంతా ఒక్క మాట: తెలిసే అమ్మారు. ఈ మిర్చి విత్తనాల ప్యాకెట్ చూడండి, గడువు తేదీ మీద కొత్త స్టిక్కర్, గోటితో గీకితే కింద పాత తేదీ. ఆ స్టిక్కర్ దానంతటదే అంటుకోదు కదా! తెలిసే అమ్మారు. పాత స్టాకని వాళ్ల రిజిస్టర్‌లోనే రాసి ఉంది, అయినా పరకాల రైతుకు కొత్త సరుకని బిల్లు కొట్టారు. తెలిసే అమ్మారు. నీళ్లు చాలకే విత్తనాలు మొలవలేదంటారా, అదే బావి నీళ్లతో పక్క నారుమడి పచ్చగా మొలిచింది. రైతు వినియోగదారుడు కాదన్న వాదన 2012లోనే, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, సుప్రీంకోర్టు ముందు వీగిపోయింది. తెలిసే అమ్మారు కాబట్టి 3 ఎకరాల పంట నష్టం, కౌలు, కూలీ ఖర్చులు వడ్డీతో సహా ఇప్పించాలని కోరుతున్నాం.