విషయం: తూములు, బావుల సర్వే – సోమవారం నుంచి కోఆర్డినేట్లు అందరం ఒకేలా రాయాలి

అందరికీ నమస్కారం,

సోమవారం ఫీల్డ్‌కి బయల్దేరే ముందు ఈ మెయిల్ పూర్తిగా చదవండి. పోయిన వారం ట్రయల్‌లో మీరు తెచ్చిన పాయింట్లు మ్యాప్ మీద వేసి చూశాను. బుక్కరాయసముద్రం చెరువు తూము ఒకటి దాదాపు 31 కిలోమీటర్లు దక్షిణాన పడింది. జీపీఎస్ 14°41'32" అని చూపిస్తే ఫారంలో 14.4132 అని కొట్టారు. నిమిషాలు, సెకన్లు దశాంశాలు కావు కదా, అక్కడ 14.69222 రావాలి. అంత ఎండలో గట్టు పొడవునా నడిచి తెచ్చిన రీడింగ్ ఇలా పనికిరాకుండా పోతే బాధేస్తుంది.

ఇకపై డిగ్రీలు దశాంశాల్లోనే రాయండి. ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం, చుక్క తర్వాత సరిగ్గా 5 అంకెలు:

```
14.69222, 77.63480
```

చివరి సున్నా తీసేయకండి. ఎక్సెల్ దాన్ని తనంతట తానే మింగేస్తుంది, అందుకే ఆ రెండు కాలమ్స్‌నీ ముందే టెక్స్ట్‌గా పెట్టి పంపుతున్నాను. రెండు అంకెలూ తారుమారైతే మన తూము ఆర్కిటిక్‌లో, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దగ్గర తేలుతుంది.

5 అంకెలే ఎందుకని కొందరు అడిగారు. ఐదో అంకె విలువ నేల మీద సుమారు ఒక మీటరు. నాలుగుతో ఆపితే 11 మీటర్లు, అంటే పక్కపక్కనే ఉన్న రెండు బావులు కలిసిపోవచ్చు. ఆరో అంకె 11 సెంటీమీటర్లు. మన ఫోన్లకు అంత చూపు లేదు, ఆకాశం బాగా కనబడే చోట కూడా మూడు నుంచి ఐదు మీటర్ల తేడా ఉంటుంది.

డేటమ్ WGS84 ఒక్కటే. ఫోన్లలో ఎలాగూ అదే ఉంటుంది. చేతి జీపీఎస్ వాడేవాళ్లు మాత్రం సెట్టింగ్స్‌లో Position Format దగ్గర `hddd.ddddd°`, Map Datum దగ్గర `WGS 84` ఉన్నాయో లేదో రోజూ పొద్దున్నే చూసుకోండి. పాత టోపోషీట్ల నుంచి అంకెలు ఎత్తి రాయొద్దు. అవి ఎవరెస్ట్ డేటమ్ మీద గీసినవి, మన దగ్గర పాయింటు వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది.

యూటీఎం కూడా వద్దు. 78 డిగ్రీల రేఖ మన జిల్లా మీదుగానే పోతుంది. అనంతపురం 43వ జోన్‌లో ఉంటే తాడిపత్రి 44లోకి వెళ్తుంది. రెండు జోన్ల అంకెలు ఒకే షీట్‌లో కలిస్తే విడదీయడం నరకం.

తూము అయితే సరిగ్గా దాని పైన, బావి అయితే ఉత్తరం వైపు గట్టు మీద నిలబడండి. స్క్రీన్ మీద యాక్యురసీ 5 మీటర్లకు దిగేదాకా ఆగి, అప్పుడు సేవ్ చేయండి. చింతచెట్టు కింద దిగకపోతే నాలుగడుగులు బయటికి జరిగి తీసుకుని, ఎటు ఎంత జరిగారో రిమార్క్స్‌లో రాయండి. ఆఫీసుకొచ్చాక మ్యాప్ మీద వేలు పెట్టి పాయింటు తీయడం మాత్రం అస్సలు వద్దు.

మొదటి రోజు ప్రతి టీమూ మూడు పాయింట్లు తీయగానే గ్రూప్‌లో పెట్టండి, అక్కడికక్కడే చూసి చెప్తాను.

సుజాత
మ్యాపింగ్ డెస్క్, అనంతపురం